తెలిసిన మాటలు, తెలియని అర్థాలు: తెలుగు క్రైస్తవ పరిభాష చరిత్ర - నూతన విశ్వాసుల పదకోశం

ఇతర మత నేపథ్యం నుంచి వచ్చి క్రైస్తవ సంఘంలో మొదటిసారి కూర్చున్న తెలుగువారికి రెండు రకాల మాటలు వినిపిస్తాయి. బాప్తిస్మము, పస్కా, హల్లెలూయ, ఆమెన్ వంటివి చెవికే కొత్త. నీతి, నిబంధన, సమాధానము, ప్రాయశ్చిత్తము, నైవేద్యము వంటివి చెవికి పాతవే గాని, అక్కడ అవి పలికే అర్థం కొత్త. కొత్తగా వచ్చినవారి కోసం సరళమైన పదకోశం రాయబూనినవారి దృష్టి సహజంగా మొదటి రకం మీదికి పోతుంది. విన్నవారికి అర్థం కాలేదని తెలిసేది అక్కడే. రెండవ రకం మాటల విషయంలో విన్నవారు అర్థమైందనే అనుకొంటారు కాబట్టి ప్రశ్న పుట్టదు, పొరపాటు బయటపడదు. తెలుగు క్రైస్తవ పరిభాష ఏర్పడిన చరిత్రను పరిశీలిస్తే, సరళ పదకోశం ప్రధానంగా వివరించవలసింది ఈ రెండవ రకం మాటలనేనని తేలుతుంది. ఆ చరిత్రను కొన్ని పదాల ఆధారంగా పరిశీలించి, పదకోశంలో ఆరోపాల రూపం ఎలా ఉండాలో నిర్ణయించడం ఈ వ్యాసం లక్ష్యం.

ప్రశ్నోత్తర గ్రంథం: పదకోశానికి పూర్వరూపం

తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలు జర్మనీలోని హాలె నగరంలో వెలువడ్డాయి. చెన్నపట్నంలో పనిచేసి స్వదేశానికి తిరిగివెళ్లిన బెంజమిన్ షుల్జ్ వాటిని ముద్రింపజేశాడు. 1746లో అచ్చయిన వాటిలో మార్టిన్ లూథర్ రచించిన లఘు ప్రశ్నోత్తర గ్రంథానికి తెలుగు అనువాదం ఒకటి. లూథర్ మూలాన్ని 1529లో రచించాడు. అందులో పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు నేర్పిన ప్రార్థన వరుసగా వస్తాయి. ఒక్కొక్క వాక్యం తరువాత 'దీని అర్థమేమి?' అనే ప్రశ్న, దానికి చిన్న జవాబు ఉంటాయి. అంటే తెలుగు ముద్రణ చరిత్ర మొదలైనప్పుడే క్రైస్తవ మాటకు అర్థం చెప్పే పుస్తకం కూడా ఉంది.

అయితే ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. లూథర్ తన గ్రంథాన్ని అప్పటికే క్రైస్తవులైన జర్మన్ గృహస్థుల కోసం, వారి పిల్లల కోసం రాశాడు. వారికి 'బాప్తిస్మం' అనే మాట పరిచితం, దాని తాత్పర్యమే తెలియాలి. తెలుగు శ్రోత స్థితి వేరు. అతనికి మాట వెనుక మరొక మతం, మరొక ఆచారం, మరొక కథ ఉన్నాయి. ప్రశ్నోత్తర గ్రంథం 'ఈ మాటకు అర్థమేమి?' అని అడుగుతుంది గాని, 'ఈ మాట వినగానే నీకు ఏమి తోచింది?' అని అడగదు. నూతన విశ్వాసుల పదకోశం ఈ రెండవ ప్రశ్నతోనే మొదలుకావాలి.

మాటలను ఎంచినవారు, విన్నవారు

షుల్జ్ చేసిన బైబిలు అనువాదం అచ్చుకు నోచుకోలేదు. తరువాతి ప్రయత్నం విశాఖపట్నంలో జరిగింది. లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ 1805లో అక్కడికి వచ్చారు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవాన్ని స్వీకరించిన ఆనందరాయరు వారి అనువాదంలో సహాయపడ్డాడు. క్రాన్ 1809లోను, డెగ్రాంజెస్ 1810లోను మరణించారు. వారి శ్రమ ఫలితంగా మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. విలియం కేరీ నాయకత్వంలో శ్రీరాంపూర్ బృందం 1818లో తెలుగు కొత్త నిబంధనను ప్రకటించింది. సి.పి. బ్రౌన్ కూడా పండితుల సహాయంతో బైబిలు అనువాదానికి పూనుకొన్నాడు. సంపూర్ణ తెలుగు బైబిలు 1854లో వెలువడింది. ప్రొటెస్టంటు సంఘాలు నేటికీ విస్తృతంగా చదివే అనువాదం 20వ శతాబ్ది తొలినాళ్లలో స్థిరపడింది. గిడుగు రామమూర్తి వ్యావహారిక భాషోద్యమం ఊపందుకొంటున్న కాలమది. బైబిలు భాష మాత్రం గ్రాంథిక రూపంలోనే నిలిచిపోయింది.

ఈ క్రమంలో ఒక విషయం గమనార్హం. మాటలను ఎంచిన చోట సంస్కృతం తెలిసినవారు ఉన్నారు. ధర్మశాస్త్రము, యాజకుడు, ప్రాయశ్చిత్తము, నైవేద్యము వంటి మాటలు వైదిక, స్మార్త సంప్రదాయాల నుంచి బైబిలులోకి వచ్చాయి. 1860ల తరువాత ఆ మాటలను పెద్ద సంఖ్యలో విన్నవారు వేరే సమాజం. ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ పనిచేసిన కాలంలో సంఘంలో చేరినవారిలో అత్యధికులు మాదిగలు. కరవు అనంతరం 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో చాలామందికి చదువు లేదు. అయినా వారి మనసు ఖాళీ పలక కాదు. ఆ ప్రాంతపు తొలి విశ్వాసుల్లో ప్రముఖుడైన యెర్రగుంట్ల పేరయ్య అంతకుముందు రాజయోగ సాధకుడు. పోతులూరి వీరబ్రహ్మం బోధలు, గ్రామదేవతల జాతరలు, గురుపరంపరలు ఆ శ్రోతల అనుభవంలో భాగం. స్మార్త సంప్రదాయం నుంచి వచ్చిన మాట వారి చెవిని చేరేసరికి రెండు దూరాలు ఏర్పడ్డాయి. బైబిలు అర్థానికీ సంస్కృత అర్థానికీ మధ్య ఉన్నది ఒకటి, సంస్కృత అర్థానికీ గ్రామీణ శ్రోత అనుభవానికీ మధ్య ఉన్నది రెండవది. పదకోశం ఈ రెండు దూరాలనూ లెక్కలోకి తీసుకోవాలి.

చెవికి కొత్తదైన మాట: బాప్తిస్మము

మొదట కొత్త మాటనే తీసుకొంటే, అందులోని కష్టం పైకి కనిపించినంతగా ఉండదని తేలుతుంది. గ్రీకు 'బాప్తిజో' అనే క్రియకు ముంచు అని అర్థం. దాని నామరూపమైన 'బాప్తిస్మ'కు తెలుగు మువర్ణకం చేరి బాప్తిస్మము అయింది. దీనికి తెలుగులో స్వతంత్ర క్రియ పుట్టలేదు. ఇచ్చు, పొందు, తీసుకొను అనే సహాయక్రియలతోనే అది నడుస్తుంది. కథోలిక సంఘం ఇదే సంస్కారాన్ని జ్ఞానస్నానం అంటుంది. తమిళంలో ప్రొటెస్టంటు అనువాదం కూడా జ్ఞానస్నానం అనే మాటనే గ్రహించింది. తెలుగు ప్రొటెస్టంటులు మాత్రం గ్రీకు మాటను ఉంచుకొన్నారు.

అనువదించకుండా ఉంచడానికి ఒక సౌలభ్యం ఉంది. నీటిలో పూర్తిగా ముంచాలా, తలపై నీళ్లు పోస్తే చాలునా, శిశువులకు ఇవ్వవచ్చునా అనే అంశాలపై సంఘాల మధ్య భేదాలున్నాయి. కలకత్తాలోని బాప్టిస్టులు బెంగాలీ కొత్త నిబంధనలో ముంచడమనే అర్థమిచ్చే మాటను వాడినప్పుడు బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీ 1833లో దానికి సహాయం నిరాకరించింది. అమెరికాలోనూ ఇదే వివాదం తలెత్తి 1836లో అక్కడి బాప్టిస్టులు వేరుగా బైబిలు సొసైటీని స్థాపించుకొన్నారు. ఒక్క క్రియాపదం అనువాదం సంస్థలనే చీల్చింది. ఎరువు తెచ్చుకొన్న మాట ఈ వివాదాన్ని దాటవేస్తుంది, ఎవరి అర్థం వారు చెప్పుకొనే వీలు కల్పిస్తుంది.

పదకోశ కర్తకు ఇదొక హెచ్చరిక. 'బాప్తిస్మం అంటే నీటిలో మునగడం' అని రాస్తే ఒక సంఘానికి అది నిర్వచనం, మరొక సంఘానికి ఖండనీయం. జ్ఞానస్నానం అనే మాటకూ దాని చిక్కు దానికి ఉంది. పుష్కర స్నానం, తీర్థ స్నానం ఎరిగిన శ్రోతకు స్నానమంటే పాపం పోవడానికి మళ్లీ మళ్లీ చేయదగిన క్రియ. ఇక్కడ అది జీవితంలో ఒక్కసారి జరిగే ప్రవేశం. అయితే బాప్తిస్మము అనే మాట విన్నవారికి అది తెలియదనే సంగతి తెలుసు కాబట్టి అడుగుతారు, చెప్పేవారు చెబుతారు. కొత్త మాట తన వివరణను తానే కోరుకొంటుంది.

తలకిందులయ్యే మాట: పునర్జన్మ

తెలిసిన మాట సంగతి వేరు. యోహాను సువార్త 3వ అధ్యాయంలో నీకొదేము అనే యూదుల పెద్దతో యేసు జరిపిన సంభాషణ కొత్తగా పుట్టడం గురించినది. అక్కడ గ్రీకు మూలంలోని 'అనోథెన్' అనే మాటకు 'మరల' అనీ, 'పైనుండి' అనీ రెండర్థాలున్నాయి. నీకొదేము మొదటి అర్థం తీసుకొని, ముసలివాడు తల్లి గర్భంలోకి మళ్లీ ఎలా ప్రవేశిస్తాడని అడుగుతాడు. తెలుగు అనువాదకులు ఇక్కడ 'క్రొత్తగా జన్మించు' అనే ప్రయోగంతో జాగ్రత్త వహించారు. కాని తీతుకు రాసిన పత్రిక 3:5లో గ్రీకు 'పాలింగెనేసియా'కు వచ్చేసరికి పునర్జన్మ అనే మాటనే వాడారు. మత్తయి 19:28లో అదే గ్రీకు మాటకు పునర్జననము అని ఉంది. వ్యుత్పత్తి దృష్ట్యా రెండూ నిర్దుష్టమైనవే. మరల అనే అర్థంలో పునః, పుట్టుక అనే అర్థంలో జన్మ గ్రీకు సమాసానికి సరిగ్గా అతికాయి.

చిక్కు వ్యుత్పత్తిలో లేదు, ఆ మాట చుట్టూ ఉన్న విలువలో ఉంది. హిందూ సంప్రదాయంలో పునర్జన్మ కర్మఫలం. దాని నుంచి విడుదలే మోక్షం. భక్తుడు కోరేది పునర్జన్మ లేకపోవడం. తీతు పత్రికలో అదే మాట దేవుడు అనుగ్రహించే మేలుకు పేరు. ఒకచోట తప్పించుకోవలసినది మరొకచోట పొందవలసినది అవుతోంది. ఒక చోట అది మరణం తరువాత వేరొక దేహంలో జరుగుతుంది. మరొక చోట ఈ దేహంతోనే, ఈ జీవితంలోనే జరుగుతుంది. రాజయోగ నేపథ్యం నుంచి వచ్చిన శ్రోత ఈ వాక్యం విని సంఘం కూడా జన్మపరంపరను బోధిస్తోందని అనుకొంటే అతని తర్కంలో లోపమేమీ లేదు. ఆ మాటకు అతనికి తెలిసిన అర్థం అదే. నీకొదేము వేసిన ప్రశ్న లాంటిది అతను వేయడు. నీకొదేముకు విన్నది అసంగతంగా తోచింది, తెలుగు శ్రోతకు సుసంగతంగా తోస్తుంది.

ఈ రకంలోనే నైవేద్యము చేరుతుంది. లేవీయకాండం 2వ అధ్యాయంలో పిండి, నూనె, సాంబ్రాణితో చేసే అర్పణకు తెలుగులో ఈ పేరు పెట్టారు. దేవాలయంలో నైవేద్యం ప్రసాదంగా భక్తునికి తిరిగి వస్తుంది. లేవీయకాండంలో పిడికెడు బలిపీఠంపై దహనమవుతుంది, మిగిలినది యాజకులకు చెందుతుంది, తెచ్చినవానికి ఏదీ తిరిగి రాదు. ముస్లిం నేపథ్యం నుంచి వచ్చినవారికి సున్నతి ఇలాంటి మాట. అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చిన ఈ మాటను అనువాదకులు యూదుల ఆచారానికి వాడారు. పౌలు పత్రికల్లో 'సున్నతి పొందినవారు' అనగానే ఆ శ్రోతకు తన సమాజమే స్ఫురించవచ్చు. అక్కడ ఉద్దేశించినది యూదులను.

లోకం కదిలిపోగా నిలిచిన మాటలు: నిబంధన, సమాధానము

మూడవ రకం మాటలకు ఇతర మతంతో సంబంధం లేదు. అనువాదం జరిగిన నాటి అర్థం సంఘంలో నిలిచిపోగా బయటి భాషలో అర్థసంకోచమో, అర్థవిపరిణామమో జరిగింది. ఇవి ఏ నేపథ్యం నుంచి వచ్చినవారినైనా తడబాటుకు గురిచేస్తాయి. మతంతో నిమిత్తం లేకుండా పెరిగినవారూ ఇందుకు మినహాయింపు కాదు.

నిబంధన అంటే కట్టుబాటు. బంధ ధాతువు నుంచి వచ్చిన ఈ మాట ఇద్దరిని కట్టిపడేసే ఒప్పందాన్ని సూచించగలదు. హీబ్రూ 'బెరీత్', గ్రీకు 'దియాథేకే' అనే మాటలకు అనువాదకులు దీనిని ఆ అర్థంలోనే ఎన్నుకొన్నారు. నిర్గమకాండం 24వ అధ్యాయంలో సీనాయి కొండ వద్ద మోషే బలిరక్తాన్ని ప్రజలపై చిలకరించి దేవునికీ వారికీ మధ్య బంధాన్ని స్థిరపరచే ఘట్టం దీనికి ఆధారం. నేటి తెలుగులో నిబంధన అంటే నియమం, షరతు. పరీక్షా నిబంధనలు, బ్యాంకు నిబంధనలు, ప్రకటనల చివర చిన్న అక్షరాల్లో 'షరతులు, నిబంధనలు వర్తిస్తాయి' అనే హెచ్చరిక నేటి శ్రోత ఎరిగిన ప్రయోగాలు. అతనికి పాత నిబంధన అంటే పాత నియమాల పుస్తకం, కొత్త నిబంధన అంటే సవరించిన నియమాల పుస్తకం. ప్రభువు భోజన సమయంలో 'కొత్త నిబంధన' అనే మాట వినిపించినప్పుడు కూడా అతను ఒక షరతునే ఊహిస్తాడు. ఒక సంబంధం పేరు ఒక ఆంక్ష పేరుగా మారిపోతుంది.

దీనికి తోడు మరొక మలుపు ఉంది. గ్రీకు దియాథేకేకు వీలునామా అనే అర్థం కూడా ఉంది. హెబ్రీయులకు రాసిన పత్రిక 9:16, 17లో ఆ అర్థమే ప్రధానం. తెలుగు అనువాదకులు అక్కడ నిబంధనను విడిచి మరణశాసనము అని రాశారు. ఆనాటికి అది వీలునామాకు చెల్లే మాట. నేడు 'తన మరణశాసనం తానే రాసుకొన్నాడు' అంటే తన చావును తానే కొనితెచ్చుకొన్నాడని భావం. మూలంలో ఒకే మాటపై నడిచిన శ్లేష తెలుగులో రెండు మాటలుగా విడిపోయింది. వాటిలో ఒకటి షరతుగా, మరొకటి మరణశిక్షగా వినిపిస్తోంది. ఆస్తి పంపకం గురించిన ఉపమానమని తెలియడానికి ఇప్పుడు ఎవరో ఒకరు చెప్పవలసి వస్తుంది.

సమాధానము మరింత స్పష్టమైన ఉదాహరణ. పాఠశాలకు వెళ్లిన ప్రతివారికీ అది ప్రశ్నకు ఎదురుగా రాసేది. తెలుగు బైబిలులో అది హీబ్రూ 'షాలోమ్', గ్రీకు 'ఎయిరేనే' అనే మాటలకు సమానార్థకం, అంటే శాంతి, సఖ్యత. ఆ అర్థం కల్పితం కాదు. సమాధానపడు, సమాధానపరచు అనే క్రియల్లో నేటికీ అది బతికే ఉంది. తగవులాడినవారు సమాధానపడ్డారంటే జవాబులు చెప్పుకొన్నారని ఎవరూ అనుకోరు. నామరూపంలో మాత్రం అర్థం జవాబుకు కుంచించుకుపోయింది. వేదాంత పరిచయం ఉన్నవారికి ఇంకొక అర్థమూ తోచవచ్చు. శమాది షట్కంలో సమాధానం చిత్తైకాగ్రత. అది సాధకుడు తనలో తాను సాధించే స్థితి. రోమా పత్రిక 5:1లో చెప్పిన సమాధానం ఇద్దరి మధ్య వైరం తొలగి ఏర్పడే సంబంధం. మొదటిది ఒంటరిగా సాధ్యం, రెండవది సాధ్యం కాదు. ఇటీవలి అనువాదాల్లో కొన్ని దీనిని శాంతి అని మార్చాయి. కాని పాటల్లోను, ప్రార్థనల్లోను, సంఘకాపరి చెప్పే ఆశీర్వచనంలోను పాత మాట కొనసాగుతోంది. అనువాదం మారినంత మాత్రాన సంఘం భాష మారదు కాబట్టి పదకోశం అవసరం తీరదు.

ఒక క్రియలో దాగిన వివాదం: నీతిమంతునిగా తీర్చుట

పై మూడు రకాలూ ఒకేచోట కలిసే ప్రయోగం రోమా పత్రికలో ఉంది. గ్రీకు 'దికాయియోసునే'కు తెలుగులో నీతి అని పెట్టారు. తెలుగువారికి నీతి అంటే నీతిశతకం, నీతికథ, నీతిపద్యం. నీతిమంతుడు అంటే సత్ప్రవర్తన గలవాడు. పౌలు వాదం ఇందుకు ఎదురుగా నడుస్తుంది. ధర్మశాస్త్ర క్రియల వలన కాక విశ్వాసం వలన మనిషి నీతిమంతుడవుతాడని అతని ప్రతిపాదన. నీతికి ప్రవర్తన అనే అర్థమే తెలిసినవారికి ఇది ప్రవర్తన లేని సత్ప్రవర్తనగా, వదతోవ్యాఘాతంగా తోస్తుంది. 'నీతి లేకపోయినా నమ్మితే చాలునా?' అనే ఆక్షేపణ ఇక్కడి నుంచే పుడుతుంది.

దీనిని విప్పే తాళం తీర్చు అనే క్రియలో ఉంది. తెలుగు బైబిలులో 'నీతిమంతులని తీర్చబడు', 'నీతిమంతులుగా తీర్చబడు' అనే రెండు ప్రయోగాలూ కనిపిస్తాయి. తీర్పు తీర్చు అన్నప్పుడు తీర్చడం న్యాయస్థానపు చర్య. నిందితుడు నిర్దోషి అని న్యాయాధిపతి ప్రకటించడం వంటిది. తీర్చిదిద్దు అన్నప్పుడు తీర్చడం శిల్పి చర్య, వంకరను సరిచేసి రూపం కల్పించడం. నేటి వాడుకలో న్యాయస్థానపు అర్థం తీర్పు అనే మాటతో కలిసి ఉన్నప్పుడే నిలిచింది. విడిగా వింటే తీర్చిదిద్దడమే ముందుగా స్ఫురిస్తుంది.

ఈ రెండర్థాల మధ్య తేడా చిన్నదేమీ కాదు. దేవుడు పాపిని నీతిమంతుడని ప్రకటిస్తాడా, నీతిమంతునిగా మారుస్తాడా అనేది 16వ శతాబ్దిలో లూథరన్‌లకూ కథోలికులకూ మధ్య ప్రధాన వివాదం. ట్రెంట్ మహాసభ 1547లో దీనిపై తన నిర్ణయాన్ని ప్రకటించింది. 1999లో ఇరుపక్షాలూ ఉమ్మడి ప్రకటన వెలువరించే వరకు ఆ ఖండనలు నిలిచే ఉన్నాయి. తెలుగు క్రియ రెండర్థాలనూ మోస్తోంది. 'అని' అనే మాట న్యాయస్థానం వైపు, 'గా' అనే ప్రత్యయం శిల్పశాల వైపు మొగ్గు చూపుతాయి. పదకోశ కర్త ఈ క్రియను వివరించకుండా నీతిని మాత్రమే వివరిస్తే సగం పనే చేసినట్లు. క్రియను ఒకే అర్థంలో వివరిస్తే తెలియకుండానే ఒక పక్షం వహించినట్లు.

ఆరోపం రూపం

పై పరిశీలన నుంచి సరళ పదకోశంలో ప్రతి ఆరోపానికీ నాలుగు అంగాలు అవసరమని తెలుస్తోంది. సంఘంలో వినిపించే రూపం, బయట ఆ మాటకు ఉన్న అర్థం, సంఘం ఉద్దేశించే అర్థం, సంఘాల మధ్య భేదముంటే దాని ప్రస్తావన ఆ నాలుగు. వీటిలో రెండవది సాధారణ నిఘంటువుల్లో ఉండదు. ఇక్కడ అదే ముఖ్యం. క్రింది నమూనాలు ఈ పద్ధతిని అనుసరిస్తాయి. వీటి భాష ఉద్దేశపూర్వకంగా వాడుక భాష.

సమాధానము: 'మీకు సమాధానం కలుగుగాక' అని సంఘంలో వింటారు. ఇక్కడ సమాధానం అంటే ప్రశ్నకు జవాబు కాదు. గొడవపడిన ఇద్దరు మళ్లీ కలిసిపోతే వాళ్లు సమాధానపడ్డారు అంటాం కదా, అదీ అర్థం. దేవుడికీ మనిషికీ మధ్య దూరం పోయి ఇద్దరూ కలవడం. మనసు నిలకడగా ఉండటం దానివల్ల వస్తుంది.

నిబంధన: బయట నిబంధన అంటే రూలు. ఇక్కడ రూలు కాదు, ఇద్దరి మధ్య మాట ఇచ్చిపుచ్చుకొని కట్టుకొన్న బంధం. పెళ్లిలో ఇద్దరు ఒకరికొకరు కట్టుబడినట్టు. దేవుడు ఇశ్రాయేలు ప్రజలతో కట్టుకొన్న బంధం గురించి చెప్పే పుస్తకాలు పాత నిబంధన. యేసు ద్వారా అందరితో కట్టుకొన్న బంధం గురించి చెప్పే పుస్తకాలు కొత్త నిబంధన. ఈ బంధంలో చేయవలసిన పనులూ ఉంటాయి, కాని బంధం ముందు, పనులు తరువాత.

క్రొత్త జన్మ: చనిపోయి ఇంకో ఒంట్లో పుట్టడం కాదు. క్రైస్తవ సంఘం జన్మల వరుసను బోధించదు. బతికి ఉండగానే దేవుడు మనిషికి కొత్త బతుకు ఇవ్వడాన్ని ఇలా అంటారు. బైబిల్లో ఒకచోట దీన్నే పునర్జన్మ అని రాశారు. అక్కడా అర్థం ఇదే.

బాప్తిస్మము: యేసును నమ్మి సంఘంలో చేరేటప్పుడు నీటితో చేసే సంస్కారం. మాట గ్రీకుది. కథోలికులు దీన్ని జ్ఞానస్నానం అంటారు. పుణ్యస్నానంలా మళ్లీ మళ్లీ చేసేది కాదు, ఒక్కసారే. కొన్ని సంఘాలు నీటిలో ముంచుతాయి, కొన్ని తలపై నీళ్లు పోస్తాయి. కొన్ని సంఘాల్లో పసిపిల్లలకూ ఇస్తారు, కొన్నింటిలో పెద్దయి స్వయంగా అడిగినవారికే ఇస్తారు.

ఇలాంటి ఆరోపాలు రాసేటప్పుడు తరచుగా దొర్లే దోషం అన్యోన్యాశ్రయం. రక్షణ అంటే విమోచన అనీ, విమోచన అంటే పాపం నుంచి రక్షణ అనీ రాస్తే చదువరి రెండు మాటల మధ్య తిరుగుతూ ఉంటాడు. సంఘంలో పెరిగినవారు రాసినప్పుడు ఈ దోషం వారికి కనిపించదు. వారికి రెండు మాటలూ ముందే తెలుసు. దీనిని పట్టుకొనే మార్గం సులభం. ఆరోపంలో వాడిన ప్రతి మాటకూ అదే పదకోశంలో మరొక ఆరోపం ఉందేమో చూడాలి. ఉంటే దాని స్థానంలో వాడుక మాట పెట్టాలి. రెండవ పరీక్ష శ్రోత వద్ద జరగాలి. ఆరోపం చదివి వినిపించిన తరువాత, ఆ మాటను వాడకుండా సంగతిని తిరిగి చెప్పమని అడగాలి. 'సమాధానం అంటే మంచిదే కదా' అనే జవాబు వస్తే ఆరోపం విఫలమైనట్లే. 'దేవుడితో రాజీ కుదిరింది' అని చెప్పగలిగితే అర్థం చేరినట్లు.

సరళతకు ఒక హద్దు కూడా ఉంది. నిబంధనను పెళ్లితో పోల్చడం సంబంధాన్ని చూపిస్తుంది గాని, సీనాయి కొండ వద్ద రక్తప్రోక్షణతో ఆ బంధం స్థిరపడిన సంగతిని చూపించదు. రాజీ అనే మాట వైరం తొలగిన సంగతి చెబుతుంది గాని, ఇద్దరూ చెరికొంత తగ్గారనే భావాన్ని కూడా తెస్తుంది. పౌలు ఉద్దేశించినది అది కాదు. ప్రతి వాడుక మాటకూ దాని సొంత చరిత్ర ఉంటుంది. అది అనువాదకుల సంస్కృత పదాలకు ఎంత నిజమో, పదకోశ కర్త తెలుగు పదాలకూ అంతే నిజం.

ముగింపు

తెలుగు క్రైస్తవ పరిభాషలోని క్లిష్టతకు విదేశీ పదాలు ప్రధాన కారణం కాదు. సంస్కృత సంప్రదాయం నుంచి ఎంచిన మాటలు ఆ సంప్రదాయానికి దూరంగా ఉన్న సమాజాలను చేరాయి. నాటి వాడుక మాటలు అచ్చులో నిలిచిపోగా బయటి భాష ముందుకు సాగింది. ఈ రెండు కారణాల వల్ల తెలిసిన మాటే తెలియని మాట అయింది. 1746లో అచ్చయిన ప్రశ్నోత్తర గ్రంథం 'దీని అర్థమేమి?' అని అడిగింది. అది మాటను ఉపదేశించేవారు వేసే ప్రశ్న, జవాబు కూడా వారిదే. నూతన విశ్వాసి తాను తెచ్చుకొన్న అర్థాన్ని చెప్పుకొనే చోటు అందులో లేదు. పేరయ్య వంటివారు తమ పూర్వ సాధన నుంచి ఎన్నో అర్థాలను వెంట తెచ్చుకొన్నారు. ఆ అర్థాలకు ఆరోపంలో రెండవ స్థానం కల్పించిన పదకోశం సంఘానికి ఉపకరించడమే కాక, రెండు శతాబ్దాలలో తెలుగు మాటల అర్థం ఎటు కదిలిందో నమోదు చేసే భాషాచరిత్ర ఆధారంగా కూడా నిలుస్తుంది.